‘ఐరన్ బిళ్లల రంగేలెండి’: ఒక ఎసిడిటీ కేసులో నేను పొరబడ్డ చోటు

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చెప్పే మొదటి మాట ‘గ్యాస్’ లేదా ‘ఎసిడిటీ’. జీలకర్ర, సోంపు, ఉసిరి నేను రోజూ రాసే మందులే. ఈ కేసులో అవి పనిచెయ్యలేదని కాదు నా బాధ. పనిచేశాయి. నేను దారి తప్పడానికి అది కూడా ఒక కారణం. రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను, కొన్ని మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమెకు 57 ఏళ్లు. బీపీకి రోజూ ఒక ఆమ్లోడిపిన్ మాత్ర వాడుతున్నారు. షుగర్ లేదు, పొగాకు అలవాటు లేదు. మూడు నెలలుగా తిన్న గంటకల్లా గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, కడుపుబ్బరం. పడుకుంటే గొంతులోకి పులినీళ్లు. పొట్ట పైభాగంలో, రొమ్ముటెముక కింద, ఒక సన్నటి నొప్పి కూడా ఉందన్నారు గానీ దాన్ని ఆమె పెద్దగా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

అడగాల్సినవి అడిగాను. ముద్ద మింగేటప్పుడు అడ్డుపడుతోందా? లేదు. మింగుతుంటే నొప్పి? లేదు. బరువు తగ్గారా? లేదు. వాంతులు? లేవు. రక్తం పడటం, మలం నల్లగా రావడం? లేదు. ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్? లేదు. మెట్లెక్కినప్పుడు మంట ఎక్కువవుతోందా, చెమట పడుతోందా, దవడకో చేతికో నొప్పి పాకుతోందా అని కూడా అడిగి, అయినా ఒక ఈసీజీ తీయించాను. ఈ వయసులో, బీపీ ఉన్న మనిషి ఛాతీలో మంట అంటే ముందు గుండె సంగతి తేల్చుకోవాలి. తేన్పు వచ్చాక హాయిగా ఉంది కాబట్టి అది గ్యాసే అనుకోవడం చాలా ప్రమాదం. ఈసీజీలో తేడా ఏమీ లేదు, శ్రమకీ మంటకీ సంబంధం లేదు.

‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?’ అన్నాను. ‘బీపీ బిళ్ల తప్ప ఏమీ లేదు డాక్టర్ గారూ’ అన్నారు. ఈ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను.

కొత్తగా మొదలైన అజీర్ణం అరవై దాటినవాళ్లలో కనిపిస్తే నేరుగా ఎండోస్కోపీకి పంపాలన్నది అమెరికా, కెనడా జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2017లో ఇచ్చిన సూచన. కడుపు క్యాన్సర్ ఎక్కువగా ఉండే జనాభాలో ఆ వయసును ఇంకా తగ్గించుకోవచ్చు. ఈమెకు 57, ప్రమాద లక్షణాలేవీ బయటపడలేదు. అందుకని నాలుగు వారాలు గడువు పెట్టుకుని మందులు మొదలుపెట్టాను. అప్పుడే రక్తపరీక్ష ఒకటి రాసి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఏమిచ్చాను, ఎందుకిచ్చాను

జీలకర్ర ఉబ్బరానికి. ఒక టీస్పూను గింజలు కాస్త నలగ్గొట్టి, రెండు కప్పుల నీళ్లలో వేసి, కప్పున్నర మిగిలేదాకా మూత పెట్టి మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా మధ్యాహ్నం, రాత్రి భోజనం తర్వాత సగం సగం తాగమన్నాను. మూత ఎందుకంటే జీలకర్రలో పనిచేసే సుగంధ తైలం ఆవిరితోపాటే పోతుంది. జీలకర్ర ఆమ్లాన్ని తగ్గించేది కాదు. కడుపులో గాలి కదిలి బయటికి పోయేలా, తిన్నది బరువుగా నిలవకుండా సాయపడుతుంది. పొట్ట ఉబ్బితే ఆ ఒత్తిడికి ఆమ్లం పైకి తంతుంది కాబట్టి ఆ దారిలో మంటకీ కొంత ఉపశమనం వస్తుంది.

సోంపు అర టీస్పూను, మధ్యాహ్న భోజనం తర్వాత మాత్రమే నమలమన్నాను. సోంపులోని అనెథోల్ పేగుల కండరాన్ని సడలిస్తుంది, మెలిపెట్టే నొప్పి, గాలి అందుకే తగ్గుతాయి. కానీ అన్నవాహికకీ కడుపుకీ మధ్య కవాటంలా పనిచేసేది కూడా కండరమే. అది సడలితే ఆమ్లం పైకి వస్తుంది. పుదీనా విషయంలో ఇది బాగా తెలిసిన ఇబ్బంది. సోంపుతో కూడా కొందరికి రాత్రిళ్లు ఇలా అవడం నేను చూశాను, అందుకే పడుకునే ముందు ఇవ్వను. ఈమె వాడుతున్న ఆమ్లోడిపిన్‌కి కూడా ఆ కవాటాన్ని సడలించే గుణం ఉంది, అది మరో కారణం.

ఉసిరి పొడి మూడు గ్రాములు, రోజుకి రెండుసార్లు, నీళ్లతో. పులుపు ఇచ్చి పులుపు తగ్గిస్తారా అని ప్రతివాళ్లూ అడుగుతారు. నాలుక మీద పుల్లగా ఉన్నా జీర్ణమయ్యాక చలవ చేస్తుందని మా శాస్త్రం చెబుతుంది. శాస్త్రం మాట పక్కన పెట్టినా, 2018లో వచ్చిన ఒక ట్రయల్‌లో ఆమ్లం పైకి తన్నే జబ్బు, అంటే రిఫ్లక్స్ ఉన్న 68 మంది రోగుల్లో కొందరికి నాలుగు వారాలు ఉసిరి మాత్రలు ఇస్తే, ఉత్తుత్తి మాత్రలు తిన్నవాళ్లకన్నా మంట, పులినీళ్లు బాగా తగ్గాయి. ఆ ట్రయల్ చిన్నది. పైగా అది ‘నాన్-ఎరోసివ్’ రిఫ్లక్స్ మీద చేసింది, అంటే లోపల పుండ్లు లేనివాళ్ల మీద. ఆ ఒక్క మాటనే నేను సరిగా చదువుకోలేదని తర్వాత తెలిసింది. పుండు లేదని తేలినవాళ్లకు పనిచేసిన మందును, పుండు ఉందో లేదో తెలియని మనిషికి ఇచ్చి, తగ్గింది కాబట్టి పుండు లేదని తిరగేసి అనుకున్నాను.

అతిమధురం మాత్రం ఇవ్వలేదు. మంటకి బాగానే ఉంటుంది గానీ ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. బీపీ ఉన్నవాళ్లకు అతిమధురం రాసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వంటసోడా కూడా అదే కారణంతో వద్దన్నాను.

వీటితోపాటు రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఎడం, మంచం తలవైపు కోళ్ల కింద ఆరు అంగుళాల ఎత్తు, ఎడమవైపు తిరిగి పడుకోవడం. తలగడలు పేర్చుకుంటే మెడ వంగి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది, లేపాల్సింది మంచాన్నే.

మొదటి నెల

రెండు వారాలకి వచ్చినప్పుడు ఆమె మొహంలోనే తేడా కనిపించింది. ఉబ్బరం ముప్పాతిక వంతు పోయింది. తేన్పులు తగ్గాయి. మంట సగమైంది. ఉసిరి పరగడుపున వేసుకుంటే మొదటి రెండు రోజులు మంట పెరిగిందట, తిన్నాక వేసుకోమని మార్చాను. రాత్రి గొంతులోకి పులినీళ్లు మాత్రం ఆగలేదు. అడిగితే సోంపు రాత్రి కూడా నములుతున్నానన్నారు, మంచిదే కదా అని. మానిపించాను, నాలుగు రోజుల్లో పులినీళ్లు తగ్గాయి.

తగ్గనిది ఒకటుంది. పొట్ట పైభాగంలో సన్నటి నొప్పి. కడుపు ఖాళీ అయ్యేసరికి వస్తోంది, అప్పుడప్పుడూ తెల్లవారుజామున లేపుతోంది. మిగతావన్నీ తగ్గుతున్నప్పుడు ఒక్కటి తగ్గకుండా నిలిస్తే దాని కారణం వేరేమో అని ఆలోచించాల్సింది. ‘అదీ నెమ్మదిగా పోతుందిలెండి’ అన్నాను.

నాలుగో వారం ‘నీరసంగా ఉంటోంది డాక్టర్ గారూ, మందుల షాపులో అడిగి బలానికి ఐరన్ బిళ్లలు తెచ్చుకున్నా, సీ విటమిన్ చప్పరించే బిళ్ల కూడా ఇచ్చారు. మలం నల్లగా వస్తోంది’ అన్నారు. నేను వెంటనే ‘ఐరన్ బిళ్లల రంగేలెండి’ అన్నాను. ఐరన్ తింటే మలం నల్లబడుతుందన్నది నిజమే. నిజమైన మాటే తప్పు చోట చెప్పాను.

మనసులో ఏదో మూల అనుమానం ఉండబట్టి మలంలో రక్తం జాడ చూసే పరీక్ష రాశాను. ల్యాబ్‌లో చేసింది గ్వాయక్ కాగితం పద్ధతి. నెగెటివ్ వచ్చింది. ఆ కాగితం చూసి నేను నిశ్చింతగా కూర్చున్నాను. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఆ కాగితమే.

గ్వాయక్ పరీక్ష ఎలా పనిచేస్తుందో చదువుకునే రోజుల్లో నేర్చుకున్నాను, వాడేటప్పుడు మరిచాను. కాగితం మీద మలం పూసి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తారు. రక్తంలోని హీమ్ ఆ కాగితంలోని గ్వాయక్‌ను ఆక్సీకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. సీ విటమిన్ సరిగ్గా దీనికి వ్యతిరేకంగా పనిచేస్తుంది, ఆక్సీకరణాన్ని ఆపుతుంది. రక్తం ఉన్నా రంగు రాదు. అందుకే ఈ పరీక్షకు మూడు రోజుల ముందునుంచి రోజుకి 250 మిల్లీగ్రాములకు మించి సీ విటమిన్ తీసుకోవద్దని చెబుతారు. ఈమె తింటున్న చప్పరించే బిళ్ల 500 మిల్లీగ్రాములది. దానికి తోడు నా ఉసిరి పొడి. ఎండు పొడిలో సీ విటమిన్ ఎంత మిగులుతుందన్నది తయారీని బట్టి మారుతుంది కాబట్టి తప్పు బిళ్లదా, పొడిదా, రెండిటిదా అని తేల్చలేను. రెండూ తింటున్న మనిషికి ఆ పరీక్ష రాసింది మాత్రం నేనే.

పోనీ కొత్తరకం ఇమ్యునో పరీక్ష చేయిస్తే? అది మనిషి రక్తంలోని గ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కడుపులో కారిన రక్తంలో గ్లోబిన్ పేగుల గుండా దిగేలోపే జీర్ణమైపోతుంది. పెద్దపేగు రక్తానికి అది మంచి పరీక్ష, కడుపు రక్తానికి కాదు. అసలు సంగతి ఏమిటంటే నీరసం, నల్లటి మలం, తగ్గని నొప్పి ఉన్న మనిషికి మలపరీక్ష రాయడమే తప్పు దారి. అది నెగెటివ్ వచ్చినా ఎండోస్కోపీ అవసరం పోదు, పాజిటివ్ వచ్చినా ఎండోస్కోపీకే పంపాలి. జవాబు ఏదైనా చేసే పని మారనప్పుడు ఆ పరీక్ష ఎందుకు?

ఆరో వారం

ఈసారి కూతురు తీసుకొచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే లోపల పాలిపోయి తెల్లగా ఉంది. నాడి 108. ఎప్పుడూ 138 దగ్గర ఉండే బీపీ 106. మొదటిరోజు నేను ఆ రెప్ప లాగి చూడలేదు, అప్పుడు ఏ రంగులో ఉండేదో నాకు తెలియదు.

కూతురు ఒక సంచీ బల్లమీద బోర్లించింది. ‘అమ్మ వేసుకునేవన్నీ ఇవే సార్.’ బీపీ మాత్రలు, ఐరన్, సీ విటమిన్, నా పొడి డబ్బా. వాటి మధ్య డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు మూడు, రెండు ఖాళీ.

‘ఇవేంటమ్మా?’

‘మోకాళ్లకండీ. ఐదారు నెలలైంది. నొప్పి ఎక్కువైన రోజు రెండేసి. అది మందు కాదుగా, నొప్పి బిళ్లేగా.’

ఈ మాటకి ఆమెను తప్పుపట్టలేను. ‘మందులేమైనా వాడుతున్నారా’ అంటే డాక్టరు రాసినవే జనానికి గుర్తొస్తాయి. ‘మోకాళ్లు నొప్పెడితే ఏం వేసుకుంటారు? తలనొప్పికి? ఒళ్లు నొప్పులకి?’ అని నొప్పి పేరు పెట్టి అడగాలి. డైక్లోఫెనాక్ లాంటివి కడుపు గోడకు రక్షణగా ఉండే జిగురు పొరను తయారుచేయించే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. అన్నం తిన్నాక వేసుకున్నా, ఇంజక్షన్‌గా తీసుకున్నా ఆ ప్రభావం ఉంటుంది, ఎందుకంటే అది రక్తం ద్వారా జరిగే పని.

అప్పుడు కూతుర్ని ఒక ప్రశ్న అడిగాను, రెండు వారాల క్రితం ఆమెను అడగాల్సింది. ‘ముందు మలం నల్లబడిందా, ముందు ఐరన్ మొదలైందా?’ ఐరన్ కొన్న బిల్లు సంచీలోనే ఉంది. ‘అమ్మ నాకు నల్లగా వస్తోందని చెప్పింది అంతకు నాలుగు రోజుల ముందు. నేనే నీరసమని ఐరన్ కొనమన్నా’ అంది. అంటే ఐరన్ రంగు కాదు. రక్తం పోతే నల్లబడింది, రక్తం పోయినందుకే నీరసం, ఆ నీరసానికే ఐరన్. నేను వరసను తలకిందులు చేసి చదివాను.

మలం ఎలా ఉంటుందని ఇంకా వివరంగా అడిగాను. ఐరన్ వల్ల వచ్చేది ముదురాకుపచ్చ కలిసిన నలుపు, మామూలు గట్టిదనం, మామూలు వాసన. కడుపు రక్తం జీర్ణమై వచ్చేది తారులా నిగనిగలాడుతూ జిగటగా అంటుకుంటుంది, నీళ్లు పోసినా ఒక పట్టాన వదలదు, వాసన వేరేగా ఘాటుగా ఉంటుంది. ‘బకెట్ నీళ్లు పోస్తే గానీ పోవట్లేదండీ’ అన్నారు. అంతకన్నా పరీక్ష ఏం కావాలి?

ఇంటికి పంపకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి పంపాను. ఉత్తరంలో డైక్లోఫెనాక్ సంగతి, నా మందుల పేర్లు, మోతాదులు, ఎన్నాళ్లు వాడారన్నది అన్నీ రాశాను. మూలికలే కదా అని కొందరు వైద్యులు రాయరు, రోగి చెప్పడు, అవతలి డాక్టరు చీకట్లో తడుముకోవాల్సి వస్తుంది.

దొరికింది, పనిచేసింది

హిమోగ్లోబిన్ 7.9. ఎర్రకణాల సగటు సైజు 71కి పడిపోయింది, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 8కి. ఒక్కరోజులో రక్తం పోతే ఎర్రకణం చిన్నదవదు. వారాలుగా, నెలలుగా కొద్దికొద్దిగా కారి ఐరన్ నిల్వలు అడుగంటితేనే ఇలా ఉంటుంది. అంటే ఆమె నా దగ్గరికి మొదటిసారి వచ్చిన రోజుకే ఇది నడుస్తూ ఉండాలి.

ఎండోస్కోపీలో కడుపు కింది భాగంలో సెంటీమీటరున్నర పుండు. అడుగు శుభ్రంగా ఉంది, అప్పటికి రక్తం ఆగింది. అన్నవాహిక గోడ బాగానే ఉంది. పుండు అంచుల నుంచి ముక్కలు తీసి పంపారు, క్యాన్సర్ లేదు, కడుపు పుండ్లకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంది. కడుపు పుండుకు ముక్క తీయడం తప్పనిసరి, చూడ్డానికి మామూలుగా ఉన్న పుండు కూడా క్యాన్సర్ కావచ్చు. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు, ఐరన్ నరంలోకి ఇచ్చారు.

నొప్పి బిళ్లలు పూర్తిగా మానిపించారు. పైలోరీకి 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు. ఆమ్లం తగ్గించే పీపీఐ మాత్ర ఎనిమిది వారాలు, భోజనానికి అరగంట ముందు. రోగులు దీన్ని తిన్నాక గుర్తొచ్చినప్పుడు వేసుకుని పనిచెయ్యలేదంటారు. ఎనిమిది వారాలకి మళ్లీ ఎండోస్కోపీ చేస్తే పుండు మానింది. పీపీఐ ఆపిన రెండు వారాలకి, అంటే యాంటీబయాటిక్స్ అయి నాలుగు వారాలు దాటాకే, ఊపిరి పరీక్ష చేసి పైలోరీ పోయిందని తేల్చారు. మందు నడుస్తుండగా ఆ పరీక్ష చేస్తే అదీ నెగెటివ్ అని అబద్ధం చెబుతుంది. ఒకసారి నెగెటివ్ కాగితంతో మోసపోయాను కాబట్టి ఆ తేదీలు నేనే లెక్కపెట్టి చెప్పాను. మూడో నెలకి హిమోగ్లోబిన్ 11.6.

మోకాళ్లకు పైపూత, తొడ కండరాల వ్యాయామం, తప్పనిసరైతే పారాసెటమాల్.

పీపీఐ ఆపాక రెండు వారాలు మంట తిరగబెట్టింది. అన్నాళ్లు అణచిపెట్టిన ఆమ్లం కొన్నాళ్లు ఎక్కువగా ఊరుతుంది, ఇది తెలిసిందే. అప్పుడు జీలకర్ర నీళ్లు, తిన్నాక ఉసిరి మళ్లీ మొదలుపెట్టాం. తగ్గింది. అది వాటి పనా, దానంతట అదే తగ్గేదా అంటే నేను చెప్పలేను. ఈసారి తేడా ఏమిటంటే లోపల ఏముందో చూసుకుని ఇచ్చాం.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఎసిడిటీ అని వచ్చిన ప్రతివాళ్లనూ నేను ఎండోస్కోపీకి పంపడం మొదలుపెట్టలేదు. అలా చేస్తే అవసరం లేనివాళ్లే ఎక్కువమంది ఆ గొట్టం మింగాల్సి వస్తుంది. నలభై ఏళ్ల మనిషికి, ఆలస్యంగా తిని పడుకునే అలవాటుకి, వేరే ఏ లక్షణమూ లేని మంటకి ఇప్పటికీ జీలకర్ర, ఉసిరే ఇస్తాను, నాలుగు వారాల గడువుతో. గడువు దాటితే మోతాదు పెంచను, మూలిక మార్చను, కారణం వెతుకుతాను.

కానీ యాభై దాటినవాళ్లకు మొదటిరోజే కంటి రెప్ప లాగి చూస్తాను, రక్తపరీక్ష రాస్తాను. కారణం తెలియని ఐరన్ లోపం దానంతట అదే ఒక ప్రమాద లక్షణం, నొప్పి ఉన్నా లేకపోయినా. ముద్ద అడ్డుపడటం, బరువు తగ్గడం, ఆగని వాంతులు, కాఫీ పొడి రంగు వాంతి, తారులాంటి మలం, వీటిలో ఏది విన్నా గడువు లేదు, మూలిక లేదు, నేరుగా ఎండోస్కోపీ. రక్తం పోతున్న జాడ ఉండి నాడి పరుగెడుతుంటే ఆ రోజే ఆసుపత్రి.

మలం నల్లగా ఉందని ఎవరన్నా ఇప్పుడు రంగు గురించి తర్వాత అడుగుతాను. ముందు తేదీలు అడుగుతాను: ఏది ఎప్పుడు మొదలైంది?

మొదటిసారి వచ్చేవాళ్లకి ఫోన్లోనే చెబుతున్నాం, వేసుకునేవన్నీ సంచీలో వేసుకు రమ్మని, నొప్పి బిళ్లలు, బలం బిళ్లలు, పొడులు, లేహ్యాలు అన్నీ. ఆమె పోయిన నెల బీపీ చూపించుకోవడానికి వచ్చారు, నేను అడక్కముందే సంచీ బల్లమీద బోర్లించారు. అందులో ఒక పొట్లం కట్టి ఉంది.

‘ఇదేంటమ్మా?’

‘సోంపండీ. మధ్యాహ్నం మాత్రమే.’